ఏడో కార్డు జడ్జిమెంట్ వస్తే అతను తిరిగి వచ్చినట్టేనా?

మాలతి: ఆరేళ్లుగా మా మధ్య మాట లేదు. వదిలి వచ్చింది నేనే. టారోలో గుర్రపు లాడం ఆకారంలో ఏడు కార్డులు వేశాను. గతం సిక్స్ ఆఫ్ కప్స్, వర్తమానం హెర్మిట్, కనబడనిది ఫైవ్ ఆఫ్ కప్స్, అడ్డంకి టూ ఆఫ్ స్వోర్డ్స్, అయిదోది టెన్ ఆఫ్ పెంటకిల్స్, సలహా చెప్పే ఆరోది పేజ్ ఆఫ్ కప్స్, ఫలితం చెప్పే ఏడోది జడ్జిమెంట్. అయిదోది అతని మనసనీ, చివరిది కలయిక అనీ చదివాను. సరేనా?

కిరణ్: సందేహమే లేదు. జడ్జిమెంట్‌లో బాకా వినగానే శవపేటికల్లోంచి మనుషులు లేస్తారు. చచ్చిపోయిన బంధం లేచిందన్నమాట. ఆయన వస్తారు.

సుభద్ర: కిరణ్ గారూ, లేవడం వరకు మీరన్నది నిజం. కానీ రైడర్ వెయిట్ టారో కట్టలో ఈ కార్డు బొమ్మను మరొకసారి చూడండి. లేచినవారి చూపు పైనున్న దేవదూత వైపే ఉంది, ఒకరి వైపు ఒకరికి లేదు. పాత లెక్క తేలుతుందని నేను చదువుతాను. తేలాక ఇద్దరూ ఒక్కటవుతారని ఈ కార్డు ఒక్కటే చెప్పలేదు. ఆ చోట, ఇద్దరు ఎదురెదురుగా కప్పులు పట్టుకుని నిలబడ్డ టూ ఆఫ్ కప్స్ వచ్చి ఉంటే నేనూ మీలాగే అనేదాన్ని.

మాలతి గారూ, నన్ను ఆపింది మీ అయిదో కార్డు. ఈ వరుసలో ఆ చోటు సాధారణంగా చుట్టూ ఉన్నవారిది. కొందరు దాన్ని అవతలి వ్యక్తికి ఇస్తారు, తప్పు కాదు. అయితే అది కార్డులు కలపకముందే నిర్ణయించుకోవాలి. బొమ్మలో ముసలాయన, దంపతులు, బిడ్డ, కుక్కలు, అంటే నిండైన ఇల్లు. అతనికి మీమీద ఉన్న ప్రేమగా చదివారు. ఆ ఇల్లు ఇప్పుడు అతనిదే అయితే?

రేవతి: నేనైతే వారంలో మూడుసార్లు వేశాను. రెండుసార్లు వద్దన్నట్టు వచ్చింది, మూడోసారి లవర్స్ రాగానే ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడాడు, అంతే. మీరూ ఇంకోసారి వేసి చూడండి.

సుభద్ర: వద్దు రేవతి గారూ. నచ్చిన కార్డు వచ్చేదాకా వేస్తే మన కోరికే మనకు వినిపిస్తుంది. ఈ ఏడింటిలోనే జవాబుంది. అడ్డంకి చోట కళ్లకు గంతలు కట్టుకుని, గుండె మీద రెండు కత్తులు అడ్డం పెట్టుకున్న స్త్రీ కూర్చుంది. గంతలు విప్పుకోవడం, అంటే అతని సంగతి తెలుసుకోవడం, ముందు జరగాలి. పేజ్ ఆఫ్ కప్స్ ఆ తరువాత. అది చిన్న పలకరింపు, జవాబు కోరని నాలుగు వాక్యాలు.

మాలతి: అయిదో చోటు ఎవరిదో ముందుగా అనుకోలేదు, కార్డు చూశాకే అతనిదన్నాను. అతనికి పెళ్లయిందో లేదో కూడా తెలియదు. ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలిని రేపు అడుగుతాను.

కిరణ్: అడగండి. జడ్జిమెంట్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.