సమస్యాపూరణం: “వేయి పేరులందు వేయి లేవు”

నిర్వాహకుడు (విజయనగరం): ఇది ఆటవెలది నాల్గవ పాదము. విష్ణు సహస్రనామాన్ని ఆధారంగా చేసుకొని, నామసంఖ్యకు భంగం కలగకుండా విరోధాన్ని పరిహరించండి.

బొబ్బిలి సభ్యుడు:

విష్ణు వనెడి మాట వేర్వేరు చోటుల
మూడుసార్లు వచ్చె ముచ్చటగను
మాట లెంచి చూడ మరి లెక్క తగ్గును
వేయి పేరులందు వేయి లేవు

చీపురుపల్లి సభ్యుడు:

విశ్వ మనెడు మొదటి పేరులో నన్నియు
అణగి యుండ వేరె యన్న దేల
ఒకటి పలుక జాలు నొక్కటే లెక్కయౌ
వేయి పేరులందు వేయి లేవు

నిర్వాహకుడు: బొబ్బిలివారి ఊహ సరైనదే కాని, “ముచ్చటగను” గణం నింపడానికి వచ్చిన మాట. ఆ పాదాన్ని “మూడు గూఢభావములను దెలుపు” అని మార్చితే యతి నిలుస్తుంది, విరోధమూ విడుతుంది. విష్ణుః అన్నది 2వ, 258వ, 657వ నామాలుగా వస్తుంది. శంకరుల భాష్యంలో మొదటిచోట అంతటా వ్యాపించినవాడనీ, రెండవచోట అడుగులతో లోకాలను ఆక్రమించినవాడనీ, మూడవచోట భూమ్యాకాశాలను దాటి వెలుగుతున్న కాంతి గలవాడనీ అర్థం. శబ్దం ఒకటే అయినా అర్థం వేరు కనుక పునరుక్తి దోషం లేదు. అంటే తగ్గేది మాటల లెక్కే, నామాల లెక్క కాదు.

చీపురుపల్లివారి పద్యం నడక చక్కగా ఉంది. జగత్తుకు కారణమైన బ్రహ్మమే విశ్వమన్న భావమూ భాష్యానికి దగ్గరదే. అయితే ఒక్కటి పలికితే చాలునంటే, “విష్ణోర్నామసహస్రం” వినమని ధర్మరాజుతో అన్న భీష్ముడి మాట వృథా అవుతుంది. పైగా విశ్వం వెంటనే విష్ణువు, ఆపైన వషట్కారుడు వస్తారు. సమస్తమూ తానైనవాడు, అందులో వ్యాపించినవాడు, హోత “వౌషట్” అని పలకగా హవిస్సు అందుకునే యజ్ఞస్వరూపుడు అని ఒక్కొక్క పేరూ కొత్త ముఖాన్ని చూపిస్తోంది.

శ్రీకూర్మం సభ్యురాలు: నేను సమస్యను లెక్క తప్పిందన్న ఫిర్యాదుగా చదివాను మాస్టారూ. మా ఏకాదశి పారాయణంలో నామానికొక తులసిదళం వేస్తాము. రెండు శ్లోకాలు ముగిసేసరికే కొందరికి 17, నాకు 19 దళాలు అయ్యాయి.

నిర్వాహకుడు: మొదటి శ్లోకంలో తొమ్మిది నామాలు. “భూతభవ్యభవత్ప్రభుః” జరిగినదానికి, జరగబోయేదానికి, జరుగుతున్నదానికి ప్రభువని చెప్పే ఒకే సమాసం కనుక ఒకే దళం. రెండవ శ్లోకంలో ఎనిమిది. “ముక్తానాం పరమా గతిః” రెండు విభక్తుల్లో ఉన్నా ఒకే నామం, “ఏవ చ” నామమే కాదు. మీరు మొదటిదాన్ని రెండుగా విడదీసి, రెండవదానికి ఒక దళం వేసి ఉంటారు.

శ్రీకూర్మం సభ్యురాలు: అవును, రెండూ జరిగాయి. మరి ధ్యానశ్లోకాలకు, ఫలశ్రుతికి దళాలు వద్దా?

నిర్వాహకుడు: వద్దు. ధర్మరాజు ప్రశ్నలున్న పూర్వభాగంలోనూ, చివరి ఫలశ్రుతిలోనూ లెక్కించవలసిన నామాలు లేవు. అర్చన విశ్వం నుండి సర్వప్రహరణాయుధః వరకు, 107 శ్లోకాల మేరకే.

బొబ్బిలి సభ్యుడు: సవరణకు కృతజ్ఞతలు. అయినా పరాశర భట్టరు భాష్యంలో కొన్నిచోట్ల పదవిభాగం వేరుగా ఉన్నది కదా, ఏ పాఠం పట్టుకొని లెక్కించాలి?

నిర్వాహకుడు: ఏ భాష్యాన్ని అనుసరిస్తే ఆ విభాగాన్నే మొదటి నుండి చివరిదాకా పట్టుకోవాలని నా అభిప్రాయం. నడుమ మారితే వెయ్యి కుదరదు.

చీపురుపల్లి సభ్యుడు: దానికి నేను ఒప్పుకోను. పారాయణానికి లెక్కకంటె అర్థమే ముందు. నా రెండవ పాదం మార్చి మళ్ళీ పంపుతాను.