‘సమర్పించని చెక్కులు’: ఎవరు, ఎవరికి?

శ్రీలత: మా అబ్బాయి ఇంటర్ సీఈసీ. నగదు చిట్టాకీ పాస్‌బుక్‌కీ నిల్వలో తేడా ఎందుకొచ్చిందో చూపే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికలో ‘జారీ చేసినా సమర్పించని చెక్కులు’ అని ఉంది. చెక్కు రాసి ఇచ్చేశాక ఇంకా సమర్పించేదేమిటి? పైగా దాన్ని కలపమంటున్నారు!

వేణు: సింపుల్ అండీ, బ్యాంకువాళ్ల ఆలస్యం. వారం ఆగితే రెండు పుస్తకాలూ వాటంతటవే కలుస్తాయి.

సత్యనారాయణ: సగమే నిజం వేణూ. శ్రీలత గారూ, సమర్పించాల్సింది చెక్కు పుచ్చుకున్నవాడు, తన బ్యాంకులో. బేగంబజార్లో నేను లెక్కలు చూసే కొట్టునే తీసుకోండి. మార్చి 31న నగదు చిట్టాలో నిల్వ 48,600, పాస్‌బుక్‌లో 57,164. సరుకు తెచ్చినవాడికి 15,000 చెక్కు ఇచ్చి, ఆ రోజే చిట్టాలో తగ్గించేశాం. అతను ఇంకా బ్యాంకులో వెయ్యలేదు కాబట్టి పాస్‌బుక్‌లో ఆ డబ్బు అలాగే ఉంది. అందుకే చిట్టా నిల్వకు కలుపుతాం. చిట్టాలో జమ రాసుకుని మేం బ్యాంకులో వేసిన 8,000 చెక్కు ఇంకా వసూలు కాలేదు, అది తీసేస్తాం. ఈ రెండూ వేణు అన్నట్టు ఆగితే సర్దుకునేవే.

వేణు: మరి మిగతా తేడా?

సత్యనారాయణ: అక్కడే చాలామంది బోల్తా పడేది. బ్యాంకు చార్జీలు 236 కోసుకుంది. మాకు బాకీ ఉన్న ఒకతను చెప్పకుండా 1,800 నెఫ్ట్ చేశాడు. వీటిని ఏడాది ఆగినా చిట్టా దానంతటది రాసుకోదు, మనమే రాయాలి. రాస్తే చిట్టా నిల్వ 50,164 అవుతుంది. దానికి 15,000 కలిపి 8,000 తీస్తే 57,164. పట్టికలో మిగలాల్సింది ఆ చెక్కులు రెండే. ముందు పాస్‌బుక్‌తో వరస వరసా టిక్కు పెట్టుకుంటూ వెళ్తే, టిక్కు పడనివి వాటంతటవే బయటపడతాయి.

నసీమ్: మాది నిల్వకు మించి బ్యాంకు డబ్బు వాడుకునే ఓడీ ఖాతా అన్నా. చిట్టాలో అప్పు 20,000. మేం ఇచ్చిన 15,000 చెక్కు ఇంకా బ్యాంకులో పడలేదు, మీరన్నట్టే దాన్ని కలిపితే 35,000 వచ్చింది. పాస్‌బుక్‌లో మాత్రం 5,000 అప్పే ఉంది!

సత్యనారాయణ: ఓడీలో కలపకూడదమ్మా, తీసెయ్యాలి. ఆ చెక్కు బ్యాంకుకు చేరలేదు కాబట్టి వాళ్ల లెక్కలో మీ అప్పు ఇంకా పెరగలేదు. కలపాలా తీయాలా అని బట్టీ పడితే ఇలాగే తిరగబడుతుంది. బ్యాంకుకు ఏది ఇంకా తెలియదో చూసుకోండి.

శ్రీలత: అయితే మీ సరుకు తెచ్చినవాడు చెక్కు వెయ్యనే వెయ్యకపోతే?

సత్యనారాయణ: మూడు నెలలు దాటితే ఆ చెక్కు చెల్లదు. అప్పుడు చిట్టాలో ఎంట్రీ వెనక్కి తిప్పి, అతనికి మేం ఇవ్వాల్సిన బాకీ మళ్లీ చూపిస్తాను.

వేణు: మా ఆడిటర్ గారు మాత్రం కొత్త చెక్కు ఇచ్చేదాకా పట్టికలోనే ఉంచమంటారు.

సత్యనారాయణ: అలా ఉంచితే చచ్చిన చెక్కు ప్రతి నెలా పట్టికలో కనిపిస్తూనే ఉంటుంది. నేనైతే ఒప్పుకోను.