శిలాచక్రం డయాగ్రామ్: 'కరగడం' బాణం ఎన్ని చోట్ల నుంచి రావాలి?

మట్టిబొమ్మ: శిలాచక్రం మీద లెక్చర్ నోట్స్‌ను ఫ్లో డయాగ్రామ్‌గా మారుస్తున్నాను. అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల, మాగ్మా అని నాలుగు బాక్సులు పెట్టి, మూడు శిలల నుంచీ మాగ్మాకి 'కరగడం' అని బాణాలు గీశాను. రూపాంతర శిల నుంచి ఒక్కటే ఉండాలని నా ఫ్రెండ్ అంటున్నాడు. ఎవరిది కరెక్ట్?

నల్లరాయి: మీ ఫ్రెండ్‌దే కరెక్ట్. ఇసుకరాయి నేరుగా కరగదు. లోతుకి దిగి వేడెక్కుతుంటే ముందు క్వార్ట్జైట్ అనే రూపాంతర శిల అవుతుంది, కరగడం ఆ తర్వాతే. అందుకే బాణం ఒక్కటే. దాని మీద 'వేడి, ఒత్తిడి' అని రాస్తే సరిపోతుంది.

గుట్టదారి: నల్లరాయి గారూ, మొదటి మాట చాలావరకు నిజమే, చివరిది మాత్రం కాదు. వేడి, ఒత్తిడి పరిస్థితులు. బాణం మీద ఉండాల్సింది జరిగిన పని. 'వేడి, ఒత్తిడి' అని రాస్తే అది రూపాంతరమా, కరగడమా అన్నది చూసేవాళ్లకి తెలియదు.

మట్టిబొమ్మ గారూ, మీ డయాగ్రామ్‌లో నాకు ముందు కనిపించిన లోటు వేరే ఉంది. గ్రానైట్‌లోని ఒక్క క్వార్ట్జ్ రేణువును పట్టుకుని బాణాల వెంట నడవండి. రాయి శిథిలమై రేణువు విడిపోయింది, నీటితో కొట్టుకుపోయింది, ఒకచోట పేరుకుంది. ఇప్పుడది ఏ బాక్సులో ఉంది? అగ్నిశిలలో లేదు, ఇంకా ఇసుకరాయి కాలేదు. 'అవక్షేపం' అనే బాక్సు లేనందువల్ల శైథిల్యం, రవాణా, నిక్షేపణ, అదుముకోవడం, సిమెంట్ పట్టడం అన్నీ ఒకే బాణం మీద రాయాల్సి వస్తుంది. ఒక బాణం మీద అన్ని పేర్లు పోగయ్యాయంటే మధ్యలో ఒక బాక్సు తప్పిపోయినట్టే. ఆ బాక్సు పెడితే మొదటి మూడు ఒక బాణానికి, చివరి రెండు ఇంకో బాణానికి చక్కగా సర్దుకుంటాయి.

అదే గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్‌కి ఇంకో దారి. అది చాలావరకు బంకమట్టిగా మారిపోతుంది, సోడియం లాంటివి నీళ్లలో కరిగి వెళ్లిపోతాయి.

సాయంత్రం క్లాస్: నేనూ మొన్న ఇలాగే గీశాను. బాణాలు ఒకదాన్నొకటి దాటి గజిబిజి అయితే, బాక్సులను గుండ్రంగా పేర్చి, అడ్డంగా వెళ్లే బాణాలకు వేరే రంగు వేశాను. 'కరగడం'కి ఎర్ర రంగు బాగుంటుంది.

మట్టిబొమ్మ: రంగు కాదండీ, నా టెన్షన్ ఆ బాణం ఉండాలా వద్దా అనే. అవక్షేపం బాక్సు పెట్టాను, ఇప్పుడు ఏ రేణువైనా దారి తప్పడం లేదు. కానీ ఇసుకరాయి ముక్క ఒకటి నేరుగా మాగ్మాలో పడితే? అప్పుడు రూపాంతరానికి టైం ఎక్కడుంటుంది?

గుట్టదారి: మంచి ప్రశ్న. అలా జరుగుతుంది. బసాల్ట్ మాగ్మా చాలా వేడిగా, సుమారు 1,100–1,200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది కాబట్టి, దానిలో చిక్కుకున్న ముక్క కొంత కరిగి గాజులా మారిన నమూనాలు ఉన్నాయి. కానీ అది చిన్న ఎత్తున జరిగే పని. దానికి సన్న గీత చాలు, ప్రధాన బాణం మాత్రం రూపాంతర శిల నుంచే. నైస్ అనే రూపాంతర శిల ఒక వంతు కరిగి, తెల్లటి చారలు నల్లటి చారల మధ్య అల్లుకుపోయిన మిగ్మటైట్‌ను ఒకసారి చూస్తే ఆ బాణం కళ్ల ముందు కనిపిస్తుంది.

అసలు పెద్ద పొరపాటు ఏంటంటే, మాగ్మా అంతా పాత రాళ్లు కరిగితేనే వస్తుందని ఈ డయాగ్రామ్ చెప్తోంది. సముద్ర మధ్య రిడ్జ్‌ల కింద, భూపటలం అడుగున ఉండే మాంటిల్ అనే రాతి పొర పైకి లేస్తుంది. వేడి పెరగకపోయినా మీది ఒత్తిడి తగ్గడం వల్లే అందులో కొంత కరుగుతుంది. ఒక భూపలక ఇంకోదాని కిందికి దిగే చోట అయితే, దాని నుంచి వచ్చిన నీరు పైనున్న మాంటిల్ కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. కాబట్టి చక్రానికి బయట 'మాంటిల్' బాక్సు పెట్టి, మాగ్మాకి రెండు బాణాలు గీయండి: 'ఒత్తిడి తగ్గి కరగడం', 'నీరు చేరి కరగడం'.

నల్లరాయి: పరిస్థితి, పని అన్న తేడా ఒప్పుకుంటున్నాను, నా నోట్స్‌లోనూ మార్చేస్తాను. కానీ మాంటిల్ గురించి లెక్చర్‌లో చెప్పకపోతే డయాగ్రామ్‌లో ఎందుకు? లెక్చర్‌ను గీయాలి గానీ మనకి తెలిసినదంతా కాదు. రేపు ఎవరైనా నోట్స్‌తో పోల్చి చూస్తే, లేని బాక్సు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు.

గుట్టదారి: చుక్కల గీతతో వేస్తే ఏది లెక్చర్‌లోది, ఏది చేర్చినదో తెలిసిపోతుంది కదండీ. అది లేకపోతే మాగ్మాకి పుట్టిల్లు పాత రాళ్లే అని చదివేవాళ్లు నమ్మేస్తారు.

నల్లరాయి: చుక్కల గీత ఒక్కటి వేస్తే ఆగదు. తర్వాత పలకల కదలిక కావాలంటారు.

మట్టిబొమ్మ: నోట్స్ మళ్లీ చూశాను. 'రిడ్జ్ దగ్గర కొత్త బసాల్ట్' అని ఒక్క ముక్క రాసుకున్నాను, అది ఎలా కరిగిందో రాసుకోలేదు. మాంటిల్ బాక్సు పెడుతున్నాను, రిడ్జ్ బాణం మామూలు గీతతో, నీటి బాణం చుక్కలతో. ఇంకో సందేహం: 'పైకి లేవడం' అన్న బాణం ఎక్కడ పెట్టాలి? రాయి పైకి వచ్చినా అదే రాయి కదా.

గుట్టదారి: దానికి విడిగా బాణం వద్దు. శిల నుంచి అవక్షేపానికి వెళ్లే బాణం మీదే 'పైకి లేవడం, శైథిల్యం, రవాణా, నిక్షేపణ' అని వరుసగా రాయండి.

నల్లరాయి: ఇక్కడ మాత్రం ఒప్పుకోను. ఒకే బాణం మీద అన్ని పేర్లు పోగైతే బాక్సు తప్పిపోయినట్టే అన్నది మీరే కదా!