అక్కకు కాలిలో రక్తం గడ్డకట్టింది, నేను హార్మోన్ ప్యాచ్ వాడొచ్చా?

నాకు 52 ఏళ్లు. నెలసరి ఆగి 14 నెలలైంది, గర్భసంచి ఉంది. రోజుకు ఏడెనిమిది సార్లు వేడి ఆవిర్లు వస్తున్నాయి. రాత్రి రెండింటికి చెమటతో మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. కాఫీ మానేశాను, తేడా లేదు. వెన్లాఫాక్సిన్ 37.5 మి.గ్రా. ఎనిమిది వారాలు వాడాను. ఆవిర్లు కాస్త తగ్గాయి కానీ వికారం భరించలేక డాక్టరుకు చెప్పి ఆపేశాను.

రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు లేవు. బీపీ, మామోగ్రామ్ బాగున్నాయి. నెలసరి ఆగి పదేళ్లు దాటలేదు కాబట్టి హార్మోన్లకు తగినదాన్నే అన్నారు డాక్టరు. అడ్డల్లా ఒక్కటే: అక్కకు 44వ ఏట, ఏ కారణమూ లేకుండా కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. నాకెప్పుడూ కాలేదు.

ఈస్ట్రోజెన్ మాత్ర ముందు కాలేయం గుండా వెళ్లి, గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుందట. చర్మం మీద అంటించే ప్యాచ్‌తో ఆ ముప్పు పెరిగినట్టు కనిపించలేదని చదివాను. గర్భసంచి లోపలి పొర మందం కాకుండా ప్రొజెస్టెరాన్ కూడా తప్పదని తెలుసు.

ఇంట్లో ఇలాంటి చరిత్ర ఉండి ప్యాచ్ మొదలుపెట్టినవాళ్లకు, ముందుగా రక్తం గడ్డకట్టే గుణానికి జన్యు పరీక్షలు (ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ వంటివి) చేయించారా, లేక నేరుగా ప్యాచ్ రాశారా?