అప్‌డేట్: మా సైట్ పేజీలన్నీ ఒకేలా వినిపించడానికి ఏం చేశామంటే

నేను అడిగింది: "కూకట్‌పల్లిలో మాది వాటర్ ప్యూరిఫయర్ సర్వీస్. సైట్‌ని ముగ్గురం రాశాం, పేజీకో తీరు. 'స్నేహపూర్వకంగా రాయాలి' అని గైడ్ పెట్టినా మారలేదు. ఏం చేయాలి?"

ముందు ఆ 'స్నేహపూర్వకంగా' అన్న మాటే తీసేశాను. దాన్ని ముగ్గురం మూడు రకాలుగా అర్థం చేసుకున్నాం. దాని బదులు మా పేజీల్లోని వాక్యాలనే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాం. రీఫండ్ పేజీలో "వినియోగదారుడు 7 దినముల లోపు దరఖాస్తు చేయవలెను" అని ఉండేది. ఇప్పుడు "7 రోజుల్లోపు ఫోన్ చేయండి, మీ డబ్బు తిరిగి ఇస్తాం" అని ఉంది. చదివేవాళ్లు ఎప్పుడూ 'మీరు', మేం ఎప్పుడూ 'మేము'. 'సంస్థ', 'వినియోగదారుడు' ఇక రావు.

నాకు ఆలస్యంగా అర్థమైంది టోన్. పేమెంట్ ఆగిపోతే "అయ్యో, ఏదో తేడా కొట్టింది!" అని సరదాగా రాశాను. డబ్బు కట్ అయి టెన్షన్‌లో ఉన్నవాళ్లకి అది చూస్తే మండుతుందని అక్క చెప్పింది, నిజమే. "పేమెంట్ పూర్తి కాలేదు. మీ డబ్బు కట్ అయి ఉంటే మాకు ఫోన్ చేయండి" అని మార్చాను. అదే 'మీరు', అవే చిన్న వాక్యాలు, సరదా మాత్రం లేదు. అందుకే గైడ్‌లో ప్రతి జత పక్కనా, చదివేవాళ్లు అప్పుడు ఏ స్థితిలో ఉంటారో ఒక ముక్క రాశాం.

వారంటీ షరతుల్ని మాత్రం ముట్టుకోలేదు. లాయర్ రాసింది అలాగే ఉంచి, పైన రెండు మామూలు వాక్యాలు చేర్చాం.