మొలలున్నప్పుడు కడుక్కోవడమా, వైప్సా? సబ్బు పెట్టాలా వద్దా?

యార్డు గుమాస్తా, ఎనుమాముల:
మొలలు ఉన్నాయని డాక్టర్ చెప్పిండు. నొప్పి తగ్గింది కానీ రాత్రి పడుకోగానే ఒకటే దురద. శుభ్రం సరిపోవడం లేదేమోనని పొద్దున, రాత్రి సబ్బుతో రుద్ది కడుగుతున్నా, మగ్గులో యాంటీసెప్టిక్ కూడా వేస్తున్నా. మా బామ్మర్దేమో నీళ్లు మానేసి తడి వైప్స్ వాడమంటున్నడు. ఏది కరెక్టు?

కాజీపేట రన్నింగ్ స్టాఫ్:
మీ బామ్మర్ది మాటే నిజం. దురదకు అసలు కారణం తడి. కడుక్కుని అట్లనే డ్రాయర్ వేసుకుంటే రోజంతా నానుతది. ఆల్కహాల్ లేని బేబీ వైప్స్ కొనుక్కోండి. పసిపిల్లలకు పడేవి మనకు పడవా?

భీమారం పెద్దాయన:
కాగితంతో తుడుచుకునుడు మన అలవాటేనా? నీళ్లే మంచివి. కానీ సబ్బు లేకుండా కడిగితే కడిగినట్టేనా? నేను యాభై ఏండ్ల నుంచి సబ్బు పెడుతున్న, నాకేం కాలే.

ఓపీ సిస్టర్, హన్మకొండ:
పెద్దాయనా, మీకు మొలలు లేవు కదా, తేడా అక్కడే ఉంది. మొల కిందికి జారినప్పుడు లోపలి జిగురు కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంది. అది చర్మాన్ని నానబెడుతుంది, దురద మొదలవుతుంది. మనిషేమో మురికి అనుకుని సబ్బు రుద్దుతాడు. చర్మానికి సహజంగా కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, సబ్బుది క్షార గుణం. పైన ఉండే సన్నని జిడ్డు పొర పోతుంది, మడతల్లో సబ్బు మిగిలిపోతుంది. యాంటీసెప్టిక్ ఇంకా ఘాటు. దాంతో దురద పెరుగుతుంది, మళ్లీ కడుగుడు.

గుమాస్తా తమ్ముడూ, ఒకటి చెప్పు. ఉత్త నీళ్లు తగిలినా మండుతుందా?

యార్డు గుమాస్తా, ఎనుమాముల:
మండుతది అక్కా. యార్డుకు మిర్చి వచ్చే సీజన్‌లో మరీ ఎక్కువ.

ఓపీ సిస్టర్, హన్మకొండ:
అయితే చర్మం చిట్లినట్టే. సబ్బు, యాంటీసెప్టిక్, పౌడర్ అన్నీ ఆపెయ్. గోరువెచ్చని ఉత్త నీళ్లు, చేత్తో మెల్లగా కడుగు. జెట్ స్ప్రే ఉంటే ధార తగ్గించు, లోపలికి కొట్టొద్దు. తర్వాత మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దాలి, రుద్దొద్దు. ఆ గుడ్డ నీ ఒక్కడికే, రోజూ ఉతికి ఎండలో ఆరెయ్యి. పూర్తిగా ఆరినాక జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ ఉత్త పెట్రోలియం జెల్లీ గానీ శనగ గింజంత పలుచగా రాస్తే, ఊరే జిగురు చర్మానికి తగలదు. వీలైతే పూటకో పది పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చో. అందులో ఏమీ కలపకు.

ఇంకో మాట. మిరప ఘాటు ఉత్త నీళ్లకు పోదు, నూనెలోనే కరుగుతుంది. యార్డులో లెట్రిన్‌కు పోయే ముందే చేతులకు కొంచెం నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కో. సబ్బు చేతులకే!

నర్సంపేట రైతు:
నాకు పోయినేడు లేజర్ చేసిండ్రు, బిల్లు చూసి కండ్లు తిరిగినయ్. లేజర్ మంచిదా, మామూలు ఆపరేషన్ మంచిదా?

కాజీపేట రన్నింగ్ స్టాఫ్:
అన్నా, ఇక్కడ నడుస్తున్న ముచ్చట వేరే. సిస్టర్, వైప్స్ సంగతి తేల్చలేదు మీరు.

ఓపీ సిస్టర్, హన్మకొండ:
తడి గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆల్కహాల్ లేనంత మాత్రాన సరిపోదు. వైప్ బూజు పట్టకుండా మందు కలుపుతారు, వాసనకు సెంటు. ప్యాకెట్ వెనక మిథైల్ ఐసోథయాజోలినోన్ అని ఉందేమో చూడండి, ఎలర్జీకి పేరు మోసింది అది. నీళ్లతో కడిగేయం కాబట్టి అది చర్మం మీదే ఉండిపోతుంది. పైగా నెలల తరబడి పడినవాళ్లకు కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. అప్పుడు ఎర్రగా కంది, వైప్ తగిలినంత మేరా దురద పెడుతుంది.

కాజీపేట రన్నింగ్ స్టాఫ్:
డ్యూటీలో ఉన్నప్పుడు మరి? రైలు లెట్రిన్‌లో గుడ్డ ఎక్కడ ఆరేసుకోను?

ఓపీ సిస్టర్, హన్మకొండ:
సెంటు లేని మెత్తటి టిష్యూ మీద సీసాలోని నీళ్లు పోసి తుడుచుకోండి, పొడి టిష్యూతో అద్దండి.

కాజీపేట రన్నింగ్ స్టాఫ్:
చిరిగి ముక్కలు అంటుకుంటయ్. నాకు వైప్స్ పడుతున్నయ్, నేను మానను.

యార్డు గుమాస్తా, ఎనుమాముల:
అక్కా, మెడికల్ షాపాయన ఒక ట్యూబ్ ఇచ్చిండు. రాస్తే రెండు రోజుల్లో పోతది, ఆపితే మళ్లీ వస్తది. మా చిన్నపాప కూడా రాత్రిళ్లు అక్కడే గోక్కుంటది, అది వేడి చేసి అనుకున్నం.

ఓపీ సిస్టర్, హన్మకొండ:
ఆ ట్యూబ్‌లో స్టెరాయిడ్ ఉండొచ్చు. ఎక్కువ రోజులు రాస్తే చర్మం పలుచబడుతుంది, లోపల తామర ఉంటే దాగి పెరుగుతుంది. డాక్టర్‌కు చూపించేదాకా రాయకు. పాపకూ నీకూ రాత్రిపూటే దురద అంటే నులిపురుగులు అయ్యుండొచ్చు, అప్పుడు ఎంత కడిగినా లాభం లేదు. ఇద్దరూ కలిసి పోండి, రక్తం పడుతుంటే అదీ చెప్పు. మొలలే కదా అని ఊరుకోవద్దు.