అప్‌డేట్: గైగర్ ట్యూబ్‌కి ప్లాటో ఎందుకు రాలేదంటే

నా పాత ప్రశ్న: "హైదరాబాద్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో రేడియేషన్‌ను లెక్కించే గైగర్ ట్యూబ్‌కి ప్లాటో, అంటే వోల్టేజ్ పెంచినా కౌంట్ దాదాపు మారని భాగం, రావట్లేదు. 1,100 వోల్టులు దాటితే ఆగకుండా మోగుతోంది. తప్పు సప్లైదా, ట్యూబ్‌దా?"

సాయం చేసిన అందరికీ థాంక్స్. తప్పు ట్యూబ్‌దే. హై వోల్టేజ్ సప్లై, కేబుల్ బాగానే ఉన్నాయి. వాటిని మార్చినా తేడా రాలేదు. "ఆసిలోస్కోప్‌లో చూడండి" అన్న సలహాతోనే విషయం తేలింది. ఒక పల్స్ రావాల్సిన చోట వెనకే ఇంకొన్ని తోక పల్స్‌లు కనిపించాయి.

మా ట్యూబ్ ఆర్గాన్‌లో ఆల్కహాల్ ఆవిరి కలిపిన పాత రకం. ఆర్గాన్ అయాన్ నేరుగా కేథోడ్‌కి చేరితే అక్కడి నుంచి కొత్త ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టగలదు, దాంతో డిశ్చార్జ్ మళ్లీ మొదలవుతుంది. ఆల్కహాల్ ఉంటే దారిలోనే ఆ చార్జ్‌ను తీసుకుంటుంది. కేథోడ్ దగ్గర దాని అయాన్ మిగిలిన శక్తిని తన అణువు విరగడానికే ఖర్చు చేస్తుంది, ఎలక్ట్రాన్ బయటికి రాదు. అలా ప్రతి పల్స్‌కీ కొంత ఆల్కహాల్ పోతుంది. మా ట్యూబ్‌లో ఆ ఆల్కహాలే అయిపోయింది. ఆల్కహాల్ బదులు హాలోజెన్ వాడే ట్యూబ్‌లో విరిగిన అణువులు మళ్లీ కలుస్తాయి కాబట్టి ఈ బాధ ఉండదు.

అదే రకం కొత్త ట్యూబ్ పెట్టాం. నిమిషానికి కౌంట్ 950 వోల్టుల దగ్గర 2,980, 1,150 దగ్గర 3,130. అంటే 100 వోల్టులకు దాదాపు 2.5 శాతం వాలు. పాతదానికి 50 వోల్టులకే 20 శాతం పెరిగేది. ఇప్పుడు ప్లాటో మొదటి మూడో వంతులో, 1,020 వోల్టుల దగ్గర నడుపుతున్నాం. పైకి పోతే ట్యూబ్ త్వరగా అరుగుతుంది. ఆగకుండా మోగడం మొదలైతే వెంటనే వోల్టేజ్ తగ్గించేయండి, ఆ కొద్దిసేపట్లోనే బోలెడు ఆల్కహాల్ పోతుంది.